పెద్ద పని చేసి వచ్చి చిన్న పని అడిగితే ఎందుకివ్వరు?

కొంచెం పెద్ద పోస్టు. ఓపిక చేసుకుని చదవండి.

మనవాళ్లలో చాలామంది ఇంటర్ అవ్వగానే వైజాగ్‌కో హైదరాబాద్‌కో పనికి వెళ్తారు. షాపుల్లో, ఆసుపత్రుల్లో, గోడౌన్లలో కింది పనిలో చేరి, నాలుగైదేళ్లకు ఒక మెట్టు, రెండు మెట్లు ఎక్కుతారు. తర్వాత ఇంటి దగ్గర ఏదో అవసరం వచ్చి వెనక్కి రావాల్సి వస్తుంది. ఇక్కడ అంత పెద్ద పోస్టులు ఉండవు కాబట్టి మొదట చేసిన చిన్న పనే మళ్ళీ అడుగుతారు. అనుభవం ఉంది కదా, సులువుగా ఇచ్చేస్తారని మనం అనుకుంటాం. కానీ ఇవ్వరు. "నీ స్థాయికి ఇది సరిపోదమ్మా" అంటారు, లేదా "ఫోన్ చేస్తాం" అని చెప్పి చెయ్యరు.

మా అక్కకు ఇదే జరిగింది. మా పెదనాన్న కూతురు, వయసు 27. రెండు చోట్ల కాదన్నారు, మూడో చోట దొరికింది. మధ్యలో ఆమె బయోడేటా, దరఖాస్తు నేనే హాస్టల్‌లో ఫోన్‌లో టైప్ చేసి ఇచ్చాను కాబట్టి ఏం మారిస్తే ఏమైందో నాకు దగ్గరగా తెలుసు. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది నేనే మొదటివాణ్ణి. నా అడ్మిషన్ ఫీజు, ట్రంకు పెట్టె, పరుపు అన్నీ అక్క జీతంలోంచి వచ్చినవే. ఆ జీతం ఆగిపోయిన నాలుగు నెలలు మా రెండిళ్ల పరిస్థితి ఎలా ఉందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

అక్క వైజాగ్‌లో ఒక సూపర్ మార్కెట్‌లో ఐదేళ్లు చేసింది. మొదటి రెండేళ్లు బిల్లింగ్ కౌంటర్, తర్వాత మూడేళ్లు ఫ్లోర్ సూపర్‌వైజర్. ఆమె కింద 14 మంది ఉండేవాళ్లు. చేతికి 22,000 వచ్చేది. మొన్న మార్చిలో పెదనాన్నకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. పెద్దమ్మ ఒక్కతే రాత్రిపూట ఆయన్ని లేపలేదు, తిప్పలేదు. అక్క తమ్ముడు ఇంటర్ మొదటి సంవత్సరం, వేరే ఊర్లో హాస్టల్. అందుకని అక్క పని మానేసి వచ్చేసింది. మా ఊరు పాడేరుకు 9 కిలోమీటర్లు. సాయంత్రం ఏడు దాటితే ఆటో ఉండదు. కాబట్టి పని పాడేరులోనే ఉండాలి, ఏడు లోపు వదలాలి. అలాంటివి దొరికేది బట్టల షాపుల్లో, మందుల షాపుల్లో, సూపర్ మార్కెట్లో. అన్నీ కౌంటర్ పనులే, 11,000 నుంచి 13,000 లోపు.

మొదట ఒక బట్టల షాపుకు వెళ్ళింది. యజమాని బయోడేటా చూసి, "ఇంత చేసి వచ్చావు, ఇక్కడ ఏముందమ్మా నీకు" అన్నాడు. అక్క "ఏ పనైనా పర్వాలేదు సార్, ఎంతిచ్చినా పర్వాలేదు" అంది. ఫోన్ చేస్తామన్నారు, చెయ్యలేదు. అక్కడ పనిచేసే మా ఊరి అమ్మాయి తర్వాత చెప్పింది: "మూడు నెలల్లో పోతుంది, ఎందుకు నేర్పడం అన్నారు" అని.

రెండోది ఇంకో షాపు. అక్కడ పని ఎలా చేస్తావని అడిగితే, సరుకు వరసలు సరిగ్గా లేవని, ఎలా సర్దితే అమ్మకం పెరుగుతుందో చెప్పింది. మంచి మాటే చెప్పింది. కానీ ఆ వరసలు సర్దింది ఎదురుగా కూర్చున్న ఆయన తమ్ముడే. అక్కడా కాలేదు.

ఆ ఆదివారం నేను ఇంటికి వెళ్ళినప్పుడు అక్క ఒక మాట చెప్పింది. "ఒరే, వాళ్ళ మీద నాకు కోపం లేదురా. నేను సూపర్‌వైజర్‌గా ఉన్నప్పుడు ఇలాగే ఒకాయన్ని వద్దన్నాను" అంది. బ్యాంకులో కాంట్రాక్టు పని చేసి మానేసిన ఒకాయన వీళ్ల కౌంటర్ పనికి వచ్చాడట. మేనేజర్ అక్కను అడిగితే, "ఉండడు సార్" అందట. ఎందుకలా అన్నావని అడిగాను. అప్పుడు ఆమె చెప్పింది వింటే మొత్తం విషయం అర్థమవుతుంది.

కొత్తమనిషి కౌంటర్లో చెయ్యి తిరగడానికి దాదాపు నెల పడుతుంది. ఆ నెలంతా పక్కన ఒక పాత మనిషి నిలబడాలి. తప్పు బిల్లులు, రిటర్నులు, చిల్లర తేడాలు ఆ నెలలోనే ఎక్కువ. తీరా నేర్చుకున్నాక వెళ్ళిపోతే మళ్ళీ మొదటి నుంచి. ఇది మొదటి భయం. రెండోది జీతం. ఎక్కువ తీసుకుని వచ్చిన మనిషి తక్కువకు ఒప్పుకున్నా మనసులో అసంతృప్తి ఉంటుంది, పక్కవాళ్లతో అంటుంది, వాళ్ళు కూడా పెంచమంటారు. మూడోది పెత్తనం. నిన్నటిదాకా పని చెప్పిన మనిషి ఇవాళ చెప్పించుకోవాలి. తనకంటే చిన్నవాడు "ఇలా కాదు" అంటే పడుతుందా?

అంటే యజమాని మనకు పని రాదని వద్దనడం లేదు. ఈ మూడు భయాలకు జవాబు దొరక్క వద్దంటున్నాడు. "నేను ఎక్కడికీ వెళ్ళను సార్" అని పది సార్లు చెప్పినా భయం పోదు, ఎందుకంటే ఆ మాట వెళ్ళిపోయేవాళ్లు కూడా చెప్తారు. భయం పోవాలంటే ఆయన స్వయంగా చూసి నమ్మగలిగే విషయం చెప్పాలి. అక్క మూడోసారి చేసింది ఇదే.

ముందు బయోడేటా. పాతది ఎవరో నెట్ సెంటర్‌లో చేసిచ్చింది. మొదటి లైనులోనే "సవాళ్లతో కూడిన ఉద్యోగంలో నాయకత్వ లక్షణాలు పెంచుకుని ఉన్నత స్థాయికి ఎదగడం నా లక్ష్యం" అని ఉంది. మనందరి బయోడేటాల్లో ఇదే ఉంటుంది, ఎవరూ చదవరు అనుకుంటాం. కానీ కౌంటర్ పనికి ఈ కాగితం ఇస్తే, "ఇక్కడ ఉండను, పైకి పోతాను" అని మనమే రాసిచ్చినట్టు. దాని కింద పెద్ద అక్షరాలతో "ఫ్లోర్ సూపర్‌వైజర్, 3 సంవత్సరాలు, 14 మంది సిబ్బంది నిర్వహణ", దాని కింద సర్టిఫికెట్. కౌంటర్ పని చేసిన రెండేళ్లు చివర్లో ఒక్క లైను.

మేము లక్ష్యం లైను తీసేశాం. "కోరుతున్న పని: బిల్లింగ్ కౌంటర్" అని మాత్రం పెట్టాం. తర్వాత వరస మార్చాం. అడిగే పనికి సంబంధించింది పైకి తెచ్చాం. బిల్లింగ్ కౌంటర్ రెండేళ్లు, సూపర్‌వైజర్ అయ్యాక కూడా పండగ రోజుల్లో కూర్చున్నది, రాత్రి క్యాష్ టాలీ చెయ్యడం, కార్డు లెక్క, ఫోన్‌పే లెక్క వేరువేరుగా రాయడం, రిటర్న్ బిల్లులు, ఎక్స్‌పైరీ సరుకు తియ్యడం. ఇవన్నీ విడివిడిగా రాశాం. సూపర్‌వైజర్ పని ఒక్క లైనులో ఉంచాం. చిరునామాలో ఊరి పేరు పక్కన "పాడేరు నుంచి 9 కి.మీ." అని రాశాం. భాషల దగ్గర తెలుగుతో పాటు ఆదివాసీ ఒడియా కూడా రాయమన్నాను. అక్క "అది కూడా రాస్తారా?" అంది. సంత రోజు పై ఊర్ల నుంచి వచ్చే ముసలివాళ్లకు తెలుగు సరిగ్గా రాదు, కౌంటర్లో వాళ్లతో మాట్లాడగలిగే మనిషి షాపుకు అవసరమే కదా. వైజాగ్‌లో ఆ భాష ఎవరికీ అక్కర్లేదు, ఇక్కడ కావాలి. అక్క ఈ షాపులోనే ఎందుకు చేరాలనుకుంటోందో చెప్పడానికి అదొక నిజమైన కారణం.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. సూపర్‌వైజర్ లైను మొత్తం తీసేద్దామా అని అక్కే అడిగింది. "రెండేళ్లు కౌంటర్ చేశానని రాసి ఊరుకుందాం" అంది. వద్దనుకున్నాం. ఎందుకంటే అప్పుడు మిగతా మూడేళ్లు ఏం చేశావని అడుగుతారు. పైగా పీఎఫ్ ఉన్న చోట చేసినవాళ్లకు యూఏఎన్ నెంబరు ఉంటుంది. 20 మంది, అంతకంటే ఎక్కువ మంది ఉన్న సంస్థలకు పీఎఫ్ వర్తిస్తుంది. అలాంటి కొత్తచోట చేరితే ఫారం 11 నింపమంటారు. అందులో పాత యూఏఎన్ రాయాలి. దానిలో ఏ సంస్థలో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా చేశారో ఉంటుంది. దాచితే అక్కడ బయటపడుతుంది.

దాస్తే ఏమవుతుందో చెప్పడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన కేసు ఒకటి ఉంది. పంజాబ్ నేషనల్ బ్యాంక్ ఒడిశాలో ప్యూన్ పోస్టులకు ప్రకటన ఇచ్చింది. 12వ తరగతి పాసై ఉండాలి, డిగ్రీ చేసి ఉండకూడదు అని అందులో ఉంది. ఒకాయన డిగ్రీ ఉన్న సంగతి చెప్పకుండా దరఖాస్తు చేసి ఎంపికయ్యాడు. డిగ్రీ సంగతి తెలిసి బ్యాంకు కాదంది. హైకోర్టు ఆయనకు అనుకూలంగా చెప్పింది కానీ, 2020 నవంబరులో సుప్రీంకోర్టు బ్యాంకు చేసిందే సరైనదని తీర్పు ఇచ్చింది. ఎక్కువ చదవడం నేరమని కాదు, ఉన్న విషయం దాచిన మనిషిని నమ్మడం ఎలా అన్నది అక్కడ ప్రశ్న. మనవాళ్లలో డిగ్రీ చేసి అటెండర్ పోస్టులకు అప్లై చేసేవాళ్లు ఉన్నారు. ప్రకటనలో కనీస అర్హత ఒక్కటే ఉందా, ఇంతకంటే ఎక్కువ చదివి ఉండకూడదని కూడా ఉందా అన్నది తప్పకుండా చూసుకోండి. కనీస అర్హత మాత్రమే ఉండి మార్కుల మెరిట్ మీద తీసుకునే చోట ఈ పోస్టులో చెప్పే ఇబ్బంది పెద్దగా రాదు. ఇది ఎదురుగా కూర్చున్న మనిషి నిర్ణయించే ప్రైవేటు పనుల్లోనే ఎక్కువ.

కాబట్టి దాచకూడదు, కానీ ముందు పెట్టకూడదు. అడిగితే చెప్పేలా ఒక లైను ఉంటే చాలు.

బయోడేటాతో పాటు ఒక చిన్న దరఖాస్తు రాశాం. పాడేరు షాపుల్లో ఎవరూ దరఖాస్తు అడగరు. కానీ యజమానికి వచ్చే మొదటి అనుమానం "ఈమె ఎందుకు వచ్చింది" అన్నది. దానికి మనం లేనప్పుడు కూడా జవాబు చెప్పే కాగితం ఒకటి ఉండాలి. రాసింది ఇది:

"మీ షాపులో బిల్లింగ్ కౌంటర్ పని ఖాళీ ఉందని తెలిసి దరఖాస్తు చేస్తున్నాను. విశాఖపట్నంలో ఒక సూపర్ మార్కెట్‌లో ఐదేళ్లు పని చేశాను. రెండేళ్లు కౌంటర్లో, తర్వాత సూపర్‌వైజర్‌గా. సూపర్‌వైజర్‌గా ఉన్నప్పుడు కూడా రద్దీ రోజుల్లో కౌంటర్లో కూర్చునేదాన్ని.

మా నాన్నగారికి పక్షవాతం రావడంతో మార్చిలో మా ఊరు వచ్చేశాను. పగలు ఆయన్ని మా అమ్మ చూసుకుంటుంది. రాత్రి నేను ఇంట్లో ఉండాలి. అందుకే పాడేరులో పని చూసుకుంటున్నాను. మా తమ్ముడు ఇంటర్ పూర్తి చేసుకుని వచ్చే దాకా, అంటే కనీసం రెండేళ్లు, నేను ఇక్కడే ఉంటాను.

కౌంటర్ పని నాకు బాగా వచ్చు. మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వేరేదైతే నేర్చుకుంటాను. మీ షాపులో ఏ పద్ధతి ఉంటే ఆ పద్ధతిలోనే చేస్తాను."

ఇందులో కొన్ని మాటలు కావాలనే పెట్టాం, కొన్ని కావాలనే తీసేశాం. మొదట అక్క "కుటుంబ సమస్యల వల్ల" అని రాయమంది. అలా రాస్తే ఎవరికి తోచింది వాళ్ళు ఊహించుకుంటారు. పెళ్ళి గొడవా, పాత చోట ఏదైనా లెక్క తేడా వచ్చి పంపేశారా అని. కౌంటర్ పనికి వచ్చిన మనిషి మీద ఆ రెండో అనుమానం వస్తే ఇక పని రాదు. అందుకే ఉన్నది ఉన్నట్టు రాశాం. అయితే నాన్నకు జబ్బు అని మాత్రం రాసి వదిలేస్తే కొత్త అనుమానం వస్తుంది: "రోజూ సెలవు అడుగుతుందేమో" అని. అందుకే పగలు ఎవరు చూసుకుంటారో కూడా వెంటనే రాశాం. కారణం చెప్పినప్పుడు, ఆ కారణం పనికి అడ్డం రాకుండా ఏం ఏర్పాటు చేసుకున్నామో కూడా చెప్పాలి.

"ఏ పనైనా పర్వాలేదు" అన్నది పూర్తిగా తీసేశాం. మనం వినయంగా అంటున్నాం అనుకుంటాం. వినేవాడికి రెండు అర్థాలు వస్తాయి. ఒకటి, ఈ పని నాకు తక్కువే కానీ దిక్కులేక చేస్తాను. రెండు, ఏదైనా పర్వాలేదంటే రేపు ఇంకోటి దొరికితే అదీ పర్వాలేదు. ఆయన రోజూ బతికే షాపు అది, ఆయన పనిని మనం చిన్నది అనకూడదు. ఫలానా పని కావాలి అని పేరు పెట్టి అడగాలి.

రెండేళ్లు అన్న మాట ఊరికే రాసింది కాదు. పెదనాన్న ఎప్పటికి లేస్తారో ఎవరూ చెప్పలేరు. తమ్ముడి ఇంటర్ ఎప్పుడవుతుందో మాత్రం తెలుసు. అందుకని ఆ లెక్క చెప్పింది. "జీవితాంతం ఇక్కడే" అంటే నమ్మరు. రెండేళ్లు, దానికి కారణం ఇది అంటే నమ్ముతారు, ఎందుకంటే లెక్క ఉంది.

మూడో చోటు ఒక సూపర్ మార్కెట్. యజమాని కాగితం చదివి పిలిచాడు. ఏం అడుగుతారో ముందే ఊహించి నేను, అక్క ఇంట్లో మాట్లాడుకున్నాం. దాదాపు అవే అడిగారు.

మొదటి ప్రశ్న జీతం. "అక్కడ ఎంత వచ్చేదమ్మా?" అక్క నిజమే చెప్పింది, 22,000 అని. దాంతో ఆగిపోతే భయం పెరుగుతుంది. అందుకే వెంటనే లెక్క చెప్పింది. వైజాగ్‌లో గది అద్దె 5,500, తిండికి 5,000, సిటీ బస్సుకు 1,300, ఇంటికి రాకపోకలకు 1,200, ఇతర ఖర్చులు 2,000. మొత్తం 15,000 పోగా మిగిలేది 7,000. ఇక్కడ 12,000 వస్తే ఆటోకు రోజుకు 50 చొప్పున 26 రోజులకు 1,300, టీ, టిఫిన్‌కు 700, ఇతర ఖర్చులు 1,500. మొత్తం 3,500 పోగా 8,500 మిగులుతుంది. ఈ లెక్క కాగితం మీద వేసినప్పుడు మేమే ఆశ్చర్యపోయాం. ఆయన దగ్గర అంతా చదవలేదు. "అక్కడ అద్దె, తిండి, బస్సు పోగా ఏడు వేలు మిగిలేది సార్. ఇక్కడ ఇంటి నుంచి వస్తాను, పన్నెండు ఇస్తే ఎనిమిదిన్నర మిగులుతుంది" అంది. రెండే మాటలు. జీతం తగ్గినా ఆమెకు నష్టం లేదని ఆయనకు అర్థమైంది. "ఎంతిచ్చినా పర్వాలేదు" కంటే ఇది వంద రెట్లు బలంగా పనిచేసింది. పైగా ఎంతిచ్చినా పర్వాలేదంటే తక్కువే ఇస్తారు. అంకె చెప్పింది కాబట్టి పన్నెండు దగ్గర మాట కుదిరింది.

రెండోది పెత్తనం. "మా కౌంటర్లు చూసే అబ్బాయికి ఇరవై రెండేళ్లు. వాడు చెప్తే వింటావా?" అన్నాడు. "వింటాను సార్" అంటే సరిపోదు. అక్క ఇలా చెప్పింది: "నేను వైజాగ్‌లో చేరినప్పుడు నాకు కౌంటర్ నేర్పిన అమ్మాయి నాకంటే రెండేళ్లు చిన్నది సార్. ఆ అమ్మాయి దగ్గరే నేర్చుకున్నాను. ఈ షాపు సంగతి మీ అబ్బాయికి తెలిసినంత నాకు తెలీదు." రేపు ఏం చేస్తానో చెప్పే కంటే నిన్న ఏం చేశానో చెప్తే నమ్మడం సులువు. షాపు సర్దుబాటు గురించి ఈసారి ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. "మీకేమైనా తేడా కనిపిస్తోందా?" అని ఆయనే అడిగితే, "కొన్నాళ్లు చేశాక తెలుస్తుంది సార్" అంది.

మూడోది అసలు ప్రశ్న. "వైజాగ్ వాళ్ళు మళ్ళీ రమ్మంటే?" నిజానికి జూన్‌లో వాళ్ళు ఫోన్ చేశారు. అది దాచాలనిపిస్తుంది ఎవరికైనా. అక్క దాచలేదు. "పిలిచారు సార్, జూన్‌లో. నాన్న ఒక్కరే లేవలేకపోతున్నారు, రాలేనని చెప్పాను" అంది. ఉన్న అవకాశాన్ని వద్దన్నది కదా, అంతకంటే రుజువు ఏముంటుంది.

చివర్లో అక్క కూడా ఒకటి అడిగింది. "సాయంత్రం ఎన్నింటికి వదులుతారు సార్? ఏడు దాటితే మా ఊరికి ఆటో ఉండదు." అడగడానికి జంకింది, కండిషన్లు పెడుతోంది అనుకుంటారేమో అని. కానీ వేళల గురించి అడిగే మనిషి నిజంగా చేరాలనుకుంటున్న మనిషి. ఆయన పొద్దున్న ఎనిమిదిన్నరకు వస్తే ఆరున్నరకు పంపిస్తానన్నాడు. అదే ముందు అడక్కపోయి ఉంటే, చేరిన వారానికే గొడవై, ఆయన భయపడినట్టే మానేసేది.

ఈ భయం ఆయన మనసులో ఉందని ఎలా తెలుస్తుంది? సూటిగా అడగరు. "ఇక్కడ నీకు తోచదేమో", "మా దగ్గర అంత పెద్దగా ఏమీ ఉండదమ్మా", "ఇంట్లో ఒప్పుకున్నారా", "పెళ్ళి సంబంధాలు చూస్తున్నారా" అంటారు. అన్నిటి అర్థం ఒకటే, ఎన్నాళ్లు ఉంటావు అని. అలాంటి మాట వచ్చిందంటే, పని అనుభవం గురించి ఇంకా చెప్పుకోవడం ఆపి, ఆ భయానికి జవాబు చెప్పాలి. మొదటి రెండు చోట్లా అక్క అనుభవం గురించి ఇంకా ఎక్కువ చెప్పింది. చెప్పేకొద్దీ భయం పెరిగింది.

చేరాక కూడా కొన్నాళ్లు ఈ పరీక్ష ఉంటుంది. మొదటి నెలలో ఒక రాత్రి పక్క కౌంటర్లో 340 రూపాయలు తక్కువొచ్చాయి. అక్క చూడగానే ఫోన్‌పే బిల్లు ఒకటి నగదులో కొట్టి ఉంటారని అనుకుంది. "ఇలా కాదు" అని నలుగురిలో అనకుండా, ఆ సూపర్‌వైజర్ అబ్బాయి దగ్గరికి వెళ్ళి, "తమ్ముడూ, ఫోన్‌పే లిస్టు ఒకసారి చూద్దామా" అంది. అక్కడే దొరికింది. ఇప్పుడు తేడా వస్తే అతనే అక్కను పిలుస్తున్నాడు. "మా వైజాగ్‌లో అయితే" అన్న మాట మాత్రం నోట్లోంచి రాకుండా చూసుకుంటున్నానని నవ్వుతుంది.

ఊర్లో మాటలు వేరే. "వైజాగ్‌లో అంత చేసి ఇక్కడ బిల్లులు కొట్టుకుంటోంది" అన్నవాళ్లు ఉన్నారు. అక్క నాతో అంది: "వాళ్ళు అన్నదానికి సిగ్గుపడి యజమాని ముందు కూడా సిగ్గుపడుతూ కూర్చుంటే, ఆయనకీ ఇది తక్కువ పనే అనిపిస్తుంది. ముందు నాకు ఇది తక్కువ అనిపించకూడదు." ఆ లెక్క వేసుకున్నాక ఆమె మాటలో తడబాటు పోయింది. 8,500 మిగులుతోంది, రాత్రి నాన్న దగ్గర ఉంటోంది. ఆమెకు కావాల్సింది అదే.

ఇదంతా నిజంగా ఉండాలనుకున్నవాళ్లకే పనికొస్తుంది. మీరు ఆరు నెలల్లో పోటీ పరీక్ష రాసి వెళ్ళిపోవాలనుకుంటుంటే, రెండేళ్లు ఉంటానని చెప్పకండి. మన ఊర్లు చిన్నవి. ఒకరు అలా చెప్పి వెళ్ళిపోతే, తర్వాత వచ్చే మన పిల్లల్ని కూడా అదే మాట అంటారు. అలాంటప్పుడు పండగ సీజన్‌కు, పెళ్ళిళ్ల సీజన్‌కు మనుషుల్ని తీసుకునే చోట్లు చూసుకోండి. వాళ్లకు కావాల్సింది రెండు మూడు నెలలే. "సంక్రాంతి దాకా ఉంటాను, వచ్చిన రోజు నుంచే పని చెయ్యగలను" అంటే అక్కడ మీ పాత అనుభవం భయం కాదు, లాభం.

ఎంత బాగా చెప్పినా కొందరు తీసుకోరు. కౌంటర్ చూసుకునే మనిషే తన కుర్చీకి భయపడే చోట మీ అనుభవం ఎలా చెప్పినా భయమే. అలాంటి చోట ఇంకా బతిమాలకుండా వచ్చేయడమే మంచిది.

ఇంకొకటి. తక్కువ జీతానికి ఒప్పుకున్నామంటే ఎప్పటికీ అంతే అని కాదు. చేరేరోజు పెంచమని అడగకూడదు, కానీ "సంవత్సరం అయ్యాక జీతం చూస్తారా సార్" అని అక్క అడిగింది. చూస్తామన్నారు. సంవత్సరం తర్వాత జీతం గురించి అడిగే మనిషి సంవత్సరం ఉంటుందని కూడా అందులోనే ఉంది కదా.

మీ ఇళ్లలో ఎవరైనా ఇలా తిరిగొచ్చి పని వెతుక్కుంటూ ఉంటే, ముందు వాళ్ళ బయోడేటాలో మొదటి లైను చూడండి. "ఉన్నత స్థాయికి ఎదగడం" అని ఉంటే కొట్టేయండి. తర్వాత ఒక తెల్లకాగితం తీసుకుని అక్కడి ఖర్చు, ఇక్కడి ఖర్చు పక్కపక్కన రాయించండి. నెల చివర మిగిలే డబ్బు ఇక్కడే ఎక్కువ తేలితే, యజమానికి ఏం చెప్పాలో అందులోనే దొరుకుతుంది. తక్కువ తేలితే, అసలు ఈ పనికి వెళ్ళాలా వద్దా అన్నది ఇంట్లో కూర్చుని ముందే మాట్లాడుకోండి.